బ్యాటరీని కాపాడేది రెండు బైట్ల హెడర్ కాదు

సెన్సర్లు చిన్నచిన్న మెసేజ్‌లు పంపడానికి వాడే ప్రోటోకాల్ ఎంక్యూటీటీ, దాని గురించి నెట్ల ఏది చదివినా మొదటి లైను ఒకటే ఉంటది. మెసేజ్ ముందు పెట్టే హెడర్ రెండు బైట్లే, వెబ్‌సైట్లు వాడే హెచ్‌టీటీపీ లెక్క వందల బైట్లు కాదు, అందుకే చిన్న బ్యాటరీ సెన్సర్లకు ఇదే మంచిది అని. రెండు బైట్ల మాట నిజమే, దాంతోని నాకు పంచాయితీ లేదు. నాకు మింగుడుపడంది ఆ "అందుకే" అన్న మాట. సెన్సర్‌కు మీటర్ పెట్టి కరెంటు ఎక్కడెక్కడ పోతున్నదో చూస్తే బైట్ల ఖర్చు దాంట్ల కనబడనే కనబడదు. మరి ఎంక్యూటీటీ పెడితే బ్యాటరీ ఎక్కువ రోజులు వస్తది అన్నది అబద్ధమా అంటే అదీ కాదు, వస్తది, కాకపోతే కారణం వేరే ఉంది. ఆ కారణం తెల్వకుంట పెడితే ఎంక్యూటీటీ పెట్టి కూడా నాలుగు రోజులకు బ్యాటరీ పండవెట్టొచ్చు, మస్తుమంది పెడుతున్నరు కూడా.

నేను మాట్లాడేది మా తోట లెక్క మీద. మునుగోడు దిక్కు ఎర్ర చెల్కల రెండెకరాల బత్తాయి, ఒక బోరు, డ్రిప్పు. బత్తాయి పెట్టినోళ్లకు తెలుసు, దీనికి ఏడాది పొడుగునా నీళ్లు ఇచ్చుకుంట పోతే కాదు, పూతకు ముందు కొన్ని వారాలు బెట్టకు వదలాలె, ఆ తర్వాత నీళ్లు ఇస్తే పూత విరగ్గాస్తది. బెట్ట తక్కువైతే పూత రాదు, ఎక్కువైతే చెట్టే దెబ్బతింటది. నాయినకు ఆకు ముడుచుకునే తీరు చూస్తే అర్థమైతది, నాకు కాదు, అందుకే మట్టిల తేమ చూసే నోడ్లు నాలుగు పెట్టిన. ఒక్కో నోడుల వైఫై ఉన్న చిన్న చిప్పు ఈఎస్పీ32 మాడ్యూలు ఒకటి, ఒక తేమ ప్రోబు, ఒక 18650 లిథియం సెల్లు. బోరు కాడ రూముల రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒకటి, దాంట్ల మెసేజ్‌లు తీసుకొని కావాల్సినోళ్లకు పంచే మస్కిటో అనే బ్రోకర్, పక్కన సిమ్ము వేసిన రౌటర్. అంతే సెటప్పు.

ఇగ లెక్క చూద్దాం. సెల్లు 2600 మిల్లీఆంప్ అవర్లది. ఈఎస్పీ32 వైఫై ఆన్‌ల పెట్టుకొని ఎవరైనా పిలుస్తరేమో అని చెవొగ్గి కూసుంటే సుమారు 100 మిల్లీఆంపులు తింటది, అంటే సెల్లు ఒక్క రోజు వస్తది, పెద్దగ అంటే 26 గంటలు. మధ్యమధ్యల రేడియో ఆపే మోడెమ్ స్లీప్ పెట్టి కనెక్షన్ మాత్రం తెగకుంట నిలబెడితే సగటున ఒక 25 మిల్లీఆంపులు అనుకోండ్రి, నాలుగు రోజులు. అదే డీప్ స్లీప్‌కు పంపిస్తే మాడ్యూలు తినేది పది పదిహేను మైక్రోఆంపులు, అంటే రోజంతా పండుకుంటే అర మిల్లీఆంప్ అవర్ కూడా కాదు. మధ్యల గంటకోసారి లేచి మూడు సెకండ్లు మేల్కొని ఉండి ఒక రీడింగు పంపి పండుకుంటే, మూడు సెకండ్ల 100 మిల్లీఆంపులు అంటే ఒక్క లేపుకు 0.083 మిల్లీఆంప్ అవర్, రోజుకు 24 సార్లు అంటే రెండు. నిద్ర ఖర్చు కలిపితే రోజుకు 2.4. సెల్లుల పనికొచ్చేది 2000 అనుకున్నా కాగితం మీద రెండేళ్ల పైన వస్తది. ఎండాకాలం మా దిక్కు వేడికి సెల్లు అంత రాదు, సగం వచ్చినా ఏడాది.

(ఒక మాట, ఇది మాడ్యూలు ఒక్కటే వాడితే. యూఎస్‌బీ పోర్టు ఉన్న డెవలప్‌మెంట్ బోర్డు అట్లనే తోటల పెడితే దాని మీద ఉన్న ఏఎంఎస్1117 రెగ్యులేటరే ఒక ఐదు మిల్లీఆంపులు ఊరికే తాగుతది, చిప్పు పండుకున్నా అది పండుకోదు. మూడు వారాలల్ల సెల్లు ఖాళీ. ప్రోటోకాల్‌ను తిట్టేముందు అది చూసుకోండ్రి.)

ఒక రోజు, నాలుగు రోజులు, రెండేళ్లు. ఈ మూడింటికి నడుమ తేడా అంతా రేడియో ఎంతసేపు మేల్కొని ఉందన్న దాంట్లనే ఉంది. పంపిన డేటా మూడింట్ల ఒకటే.

హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ పని చేసే మా బావమర్ది ఇది విని, "ఏంది బావా, దీనికి బ్రోకర్, గీకర్ ఎందుకు, గంటకోసారి సర్వర్‌కు ఒక హెచ్‌టీటీపీ పోస్ట్ కొట్టి పండుకుంటే అయిపాయె గదా" అన్నడు. వాడి మాట తీసేసేది కాదు. బైట్లు లెక్క పెట్టి చూపిస్త. మా మూడో నోడు తేమ 41 శాతం అని పంపుతది. మెసేజ్ ఏ పేరు మీద పోతదో దాన్ని టాపిక్ అంటరు, ఇక్కడ `thota/3/tema`, పన్నెండు అక్షరాలు. మొదట కనెక్ట్ ప్యాకెట్, క్లయింట్ ఐడీ `tema3` అయితే 19 బైట్లు. బ్రోకర్ సరే అంటది, 4 బైట్లు. పబ్లిష్ ప్యాకెట్ అంటే టైపుకు ఒకటి, పొడుగుకు ఒకటి, టాపిక్ పొడుగుకు రెండు, టాపిక్‌కు పన్నెండు, ప్యాకెట్ నంబరుకు రెండు, 41 అనేదానికి రెండు, మొత్తం 20. బ్రోకర్ ముట్టింది అంటది, 4. పోతున్నా అని నోడు అంటది, 2. పోయి రావుడు మొత్తం 49 బైట్లు. హెచ్‌టీటీపీ అయితే అడగడానికి ఒక రెండొందలు, జవాబుకు ఒక రెండొందలు. మస్తు తేడా అనిపిస్తది గదా. కానీ వైఫైల ఆ నాలుగు వందల బైట్లు గాల్లోకి పోవడానికి పట్టేది ఒకట్రెండు మిల్లీసెకండ్లు. మూడు వేల మిల్లీసెకండ్ల మేల్కొలుపుల రెండు మిల్లీసెకండ్లు. పైగా రెండూ ముందు కనెక్షన్ పెట్టుకొని మాట్లాడే టీసీపీ మీదనే నడుస్తయి, టీసీపీ, ఐపీ హెడర్లు కలిపి ప్యాకెట్టుకు 40 బైట్లు రెండింటికీ పడాల్సిందే. సో నా బావమర్ది అడిగిన దాంట్ల, ఒక సెన్సరు, ఒక సర్వరు, సమాచారం ఒక్క దిక్కే పోతది అంటే హెచ్‌టీటీపీతోని బ్యాటరీకి వచ్చే నష్టం ఏం లేదు.

ఆ మూడు సెకండ్లు నిజంగ ఎటు పోతున్నయంటే, చిప్పు లేవడానికి కొద్దిగ, వైఫై ఛానళ్లన్ని వెతికి రౌటర్‌ను పట్టుకొని ఐపీ అడ్రస్ అడుక్కోవడానికి చాలా, ఎంక్యూటీటీ ముచ్చట అంతా కలిపి రూములనే ఉన్న బ్రోకర్‌తోని కొన్ని పదుల మిల్లీసెకండ్లు. ఐపీని ఫిక్స్ చేసి, రౌటర్ ఛానల్ నంబరు గుర్తువెట్టి నేరుగ దానికే పొమ్మంటే ఒక సెకండు దగ్గరికి వస్తది. బ్యాటరీ మిగుల్చుకోవాలంటే ముందు చెయ్యాల్సిన పని అది. ప్రోటోకాల్ మార్చుడు తర్వాత.

మరి ఎంక్యూటీటీ ఎందుకు? నా బావమర్దికి చెప్పిన జవాబే ఇక్కడ రాస్తున్న. తోటల సమాచారం ఒక్క దిక్కే పోదు, ఒక్కరికే పోదు. తేమ ఎంత అన్నది నాయిన ఫోన్లకు కావాలె, నా ఫోన్లకు కావాలె, రాస్ప్‌బెర్రీ పై మీద ఉన్న స్క్రిప్టుకు కావాలె, రేపు పక్క తోట మామ నాకు కూడా చూపెట్టురా అంటే ఆయనకూ కావాలె. ఎవరికి ఎప్పుడు అడగబుద్దయితే అప్పుడు నోడును అడుగుడు మొదలువెడితే నోడు మేల్కొని ఉండాలె, మేల్కొని ఉంటే ఒక్క రోజుల సెల్లు ఐపోతది. పబ్లిష్ సబ్‌స్క్రైబ్ పద్ధతిల నోడు బ్రోకర్‌కు చెప్పి పోతది, అది పబ్లిష్, కావాల్సినోళ్లు బ్రోకర్ కాడ పేరు రాయించుకొని వింటరు, అది సబ్‌స్క్రైబ్, నోడును ఎవరూ అడగరు. మా ఊర్ల పాల సెంటర్ లెక్కనే, పొద్దుగాల పాలు పోసినోడు లెక్క రాయించుకొని ఇంటికి పోయి పండుకుంటడు, ఆ పాలు ఎవరు తాగుతున్నరో వానికి తెల్వదు, తాగేటోడు వాని తలుపు కొట్టడు. బ్రోకర్ ఒక్కటే మేల్కొని ఉంటది, అది కరెంటు మీద నడిచేది కాబట్టి దానికి బాధ లేదు. వినే పనిని మొత్తం బ్యాటరీ ఉన్నదాని మీదికెల్లి తీసి కరెంటు ఉన్నదాని మీద వేసిండ్రు, తేలిక ప్రోటోకాల్ అంటే నా దృష్టిల తేలిక అయింది ఇది.

అసలు ఇది పుట్టిన కారణం కూడా దగ్గరదగ్గర ఇదే. 1999ల ఐబీఎంల పనిచేసే ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్కామ్ కంపెనీల ఉండె ఆర్లెన్ నిప్పర్ కలిసి దీన్ని తయారుచేసింది ఆయిల్ పైపులైన్ల మీద కన్నేసి ఉంచడానికి, అది కూడా శాటిలైట్ లింకు మీద. మధ్యల ఉన్న కంట్రోల్ రూము ఒక్కొక్క పరికరాన్ని వరుసగ పిలిచి నీ ప్రెషర్ ఎంత, నీ ప్రెషర్ ఎంత అని అడుగుడు పాత పద్ధతి, శాటిలైట్ మీద అట్ల అడిగితే బిల్లు మోగిపోతది. అక్కడ బైట్లు కూడా నిజంగనే పైసలు, రెండు బైట్ల హెడర్ ముచ్చటకు అసలు అర్థం అక్కడిది. మనం వైఫై మీద కూసొని ఆ మాటనే మళ్ల మళ్ల చెప్పుకుంటున్నం. 2014ల ఇది ఓయాసిస్ అనే సంస్థ స్టాండర్డ్ అయింది, 3.1.1 వెర్షన్, 2019ల 5 వచ్చింది.

పండుకున్న నోడుకు మనం ఏమన్న చెప్పాలంటే ఎట్ల? ఉదాహరణకు బెట్ట టైముల గంటకోసారి చాలు, నీళ్లు ఇచ్చే రోజు పావుగంటకోసారి కావాలె. ఇక్కడ రిటెయిన్ అనే జెండా పనికొస్తది. `thota/3/set` అనే టాపిక్ మీద పావుగంటకు 900 సెకండ్లు కాబట్టి 900 అని రిటెయిన్ పెట్టి పంపితే బ్రోకర్ ఆ చివరి మాటను దగ్గర పెట్టుకుంటది, నోడు ఎప్పుడు లేచి ఆ టాపిక్‌కు సబ్‌స్క్రైబ్ చేస్తే అప్పుడు వెంటనే చేతిల పెడుతది. హెచ్‌టీటీపీల ఇది చెయ్యలేమా అంటే చెయ్యొచ్చు, సర్వర్ మీద మనమే రాసుకోవాలె, రాసి రాసి ఆఖరికి వంకర టింకర ఎంక్యూటీటీ ఒకటి తయారైతది.

కానీ ఇదే రిటెయిన్ నిద్రపోయే నోడ్లతోని కలిస్తే పెద్ద గుంత ఉంది. నోడు తన రీడింగు కూడా రిటెయిన్ పెట్టి పంపుతది, ఎందుకంటే ఫోన్ల యాప్ తెరవంగనే గంటసేపు ఎదురుచూడకుంట చివరి విలువ కనబడాలె. మొన్న ఎండాకాలం మా రెండో నోడు వైరు ఉడుత కొరికి చచ్చింది. యాప్‌ల మాత్రం 41 శాతం అని రోజూ ముద్దుగ చూపెడుతనే ఉంది. నాయిన రెండో మడి చెట్లు చూసి "నీ మిషను తేమ ఉందంటున్నది, ఆకేమో ముడుసుకున్నది, ఎవల మాట వినాలెరా" అని ఫోన్ చేసిండు. అప్పుడు పై మీద ఈ కమాండ్ కొట్టి చూసిన:

```
mosquitto_sub -h 192.168.1.10 -t 'thota/+/tema' -F '%I %r %t %p'
```

టైము, రిటెయిన్ జెండా, టాపిక్, విలువ వరుసగ వస్తయి. మొదట వచ్చే నాలుగు లైన్లల్ల జెండా 1 ఉంటది, అంటే బ్రోకర్ దాచిపెట్టుకున్న పాత మాట. ఆ తర్వాత గంటల ఒక్కో నోడు లేచి పంపినకొద్ది జెండా 0తోని కొత్త లైన్లు పడాలె. ఒకటి, మూడు, నాలుగు పడ్డయి, రెండు పడలేదు. ఇంకో మెలిక చూడుండ్రి, పక్కన పడే టైము మనకు ఎప్పుడు చేరిందో ఆ టైము, నోడు పంపిన టైము కాదు. ఎంక్యూటీటీ మెసేజ్‌ల పంపిన టైము అన్న ముచ్చటే లేదు. అందుకే వారం కిందటి 41 కూడా ఇప్పుడే వచ్చినట్టు కనబడుతది.

దీనికి లాస్ట్ విల్ ఉంది గదా అని అడుగుతరు. లాస్ట్ విల్ అంటే నోడు కనెక్ట్ అయినప్పుడే "నేను చెప్పకుంట పోతే ఈ మాట అందరికీ చెప్పు" అని బ్రోకర్ కాడ రాసిపెట్టే వీలునామా. మంచి ఏర్పాటే, కానీ నిద్రపోయే నోడు ప్రతిసారి పద్ధతిగ డిస్కనెక్ట్ చెప్పి పోతది, చెప్పి పోతే బ్రోకర్ ఆ వీలునామాను చింపేస్తది. ఆ తర్వాత నోడు పండుకుందో పోయిందో బ్రోకర్‌కు తెలిసే దారి లేదు. కాబట్టి మెసేజ్‌లనే సాక్ష్యం పెట్టాలె. ఇప్పుడు మా నోడ్లు 41 ఒక్కటే పంపవు, `41,3.92,1187` అని పంపుతయి, తేమ, సెల్లు ఓల్టేజీ, ఎన్నోసారి లేచింది అన్న నంబరు. పై మీద స్క్రిప్టు మూడు గంటలు కొత్త నంబరు రాకపోతే నాకు మెసేజ్ పెడుతది. వెర్షన్ 5 వాడేటోళ్లకు ఇంకో దారి ఉంది, మెసేజ్‌కు గడువు పెట్టొచ్చు, రెండు గంటలు అంటే 7200 సెకండ్లు, ఆ తర్వాత బ్రోకర్ రిటెయిన్ అయిన దాన్ని కూడా పడేస్తది, యాప్‌ల ఖాళీ కనబడుతది. ఆర్డునో వాళ్లు ఎక్కువ వాడే పబ్‌సబ్‌క్లయింట్ లైబ్రరీ 5 మాట్లాడదు, ఎస్ప్రెసిఫ్ వాళ్ల సొంత లైబ్రరీ మాట్లాడుతది.

ఆ పబ్‌సబ్‌క్లయింట్‌తోనే ఇంకో చిక్కు. అది పంపేటప్పుడు క్యూఓఎస్ 0 మాత్రమే పంపుతది, అంటే ముట్టిందా అని అడగదు. పబ్లిష్ అన్న ఫంక్షన్ సక్సెస్ అని జవాబిచ్చిందంటే ప్యాకెట్ సాకెట్‌ల పడింది అని అర్థం, గాల్లోకి పోయిందని కాదు. వెంటనే డీప్ స్లీప్‌కు పంపితే రేడియో ఆగిపోతది, ప్యాకెట్ లోపలనే ఉండిపోతది. పట్టుకునుడు ఎట్లంటే, బ్రోకర్ లాగ్‌ల నోడు కనెక్ట్ అయినట్టు ఉంటది, మెసేజ్ మాత్రం ఉండదు. క్యూఓఎస్ 1 వాడి, బ్రోకర్ పంపే ఆ నాలుగు బైట్ల రసీదు వచ్చినంకనే పండుకొమ్మనుడు సరైన పద్ధతి.

కానీ రసీదు వచ్చేదాకా ఎదురుచూడు అని చెప్పి ఊకుంటే ఇంకో దిక్కు నుంచి దెబ్బపడుతది. జడ్చర్ల దిక్కు మా దోస్తు ఒకాయన కూరగాయల తోటల ఇట్లనే పెట్టిండు. వాళ్ల ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి రెండు రోజులు కరెంటు లేదు, రౌటర్ బంద్, బ్రోకర్ బంద్. నోడ్లు లేచినయి, వైఫై కోసం వెతికినయి, దొరకలేదు, మళ్ల వెతికినయి, వెతుకుడు అంటే 100 మిల్లీఆంపులు ఆగకుంట పోతనే ఉంటయి, పైన చెప్పిన 26 గంటల లెక్క యాదికి తెచ్చుకోండ్రి. కరెంటు వచ్చేసరికి బ్రోకర్ లేచింది గానీ నోడు ఒక్కటి లేదు, అన్నిటి సెల్లులు పడుకున్నయి. నోడు లేవంగనే మొదటి పని ఒక గడియారం పెట్టుకోవాలె, పది సెకండ్లల్ల పని అయినా కాకున్నా పండుకునుడే, వరుసగ రెండు మూడుసార్లు కాకపోతే నిద్ర ఇంకింత పెంచుకునుడు. రీడింగులు లోపల దాచుకొని తర్వాత ఒక్కసారి పంపొచ్చు, మట్టిల తేమ రెండు గంటలు లేటైతే కొంప మునగదు.

మోటర్ ముచ్చట వేరే. స్టార్టర్ డబ్బాల పెట్టిన నోడు కరెంటు మీదనే ఉంటది, పండుకునే పని లేదు, కనెక్షన్ ఎప్పుడూ నిలబెట్టుకుంటది. లాస్ట్ విల్ పనికొచ్చేది దీనికి. కీప్ అలైవ్ 60 సెకండ్లు పెడితే దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 90 సెకండ్లు చప్పుడు లేకపోతే బ్రోకర్ వీలునామా తీసి అందరికీ చెప్తది, మోటర్ కాడ లైను పోయింది అని. అయితే పొద్దంతా రిటెయిన్ వాడి వాడి చెయ్యి అలవాటైనోడు మోటర్‌కు ON అనే మాటను కూడా రిటెయిన్ పెట్టి పంపుతడు. కరెంటు పోయి మళ్ల వచ్చిందనుకోండ్రి, స్టార్టర్ నోడు లేచి సబ్‌స్క్రైబ్ చేస్తది, బ్రోకర్ ఎప్పటిదో ON తీసి చేతిల పెడుతది, రాత్రి రెండు గంటలకు బోరు నడుస్తది. మన తెలంగాణల 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయండ్రి, మోటర్లు రాత్రి పగలు నడిచి భూగర్భజలం ఒట్టిపోతది అని అధికారులు ఊరూరా చెప్పింది ఇందుకే గదా, ఒక్క జెండాతోని మళ్ల అదే ఆటో స్టార్టర్‌ను మనం తయారుచేసుకుంటం. కనెక్షన్ పోంగనే అన్ని మర్చిపొమ్మనే క్లీన్ సెషన్ తీసేసి క్యూఓఎస్ 1తోని సబ్‌స్క్రైబ్ చేసినా ఇదే కథ, నోడు లేనప్పుడు వచ్చిన క్యూఓఎస్ 1 మాటలను బ్రోకర్ వరుసల పెట్టి ఉంచుతది. నా లెక్క ఏందంటే, పరిస్థితి చెప్పే మాటలకు రిటెయిన్ పెట్టాలె, పని చెప్పే మాటలకు పెట్టొద్దు. ఎవరన్న ఆల్రెడీ పెట్టి ఉంటే ఇట్ల తుడవొచ్చు:

```
mosquitto_pub -h 192.168.1.10 -t thota/motor/cmd -r -n
```

బ్రోకర్‌ను రూముల కాకుంట క్లౌడుల పెడితే బ్యాటరీ లెక్క మారుతది. అప్పుడు 8883 పోర్టు మీద మాటలను తాళమేసి పంపే టీఎల్ఎస్ తప్పదు, ఆ చేతులు కలుపుకునుడుకే కొన్ని వేల బైట్లు, చిన్న చిప్పుకు ఒకట్రెండు సెకండ్ల లెక్కలు, 49 బైట్ల మాట కోసం ప్రతిసారి అంత చెయ్యాలె. నేనైతే నోడ్లను పాస్‌వర్డ్ పెట్టిన తోట లోపలి వైఫై మీదనే, లోకల్ బ్రోకర్‌తోనే మాట్లాడిస్త, బయటికి పోయే పని రాస్ప్‌బెర్రీ పైకి అప్పజెప్తా, అది ఒక్క టీఎల్ఎస్ కనెక్షన్ రోజంతా నిలబెట్టుకుంటది.

ఇగ వైఫై అందని కాడ ఎంక్యూటీటీని నోడుల పెట్టుడే దండగ. దానికి టీసీపీ కావాలె, టీసీపీకి ముందు కనెక్షన్ కావాలె, వాగు అవతల ఉన్న ఎకరంన్నర ముక్కకు ఆ రెండూ లేవు. అక్కడ వైఫై కంటే దూరం పోయే లోరా రేడియో పెట్టిన నోడు కొన్ని బైట్లు గాల్లోకి వదిలి పండుకుంటది, టాపిక్ గీపిక్ ఏం తెల్వదు దానికి. రూముల ఉన్న లోరా గేట్‌వే ఆ బైట్లు పట్టుకొని `thota/5/tema` అని బ్రోకర్‌కు పబ్లిష్ చేస్తది. నాయిన యాప్, నా స్క్రిప్టు రెండూ `thota/+/tema` మీదనే వింటున్నయి కాబట్టి ఐదో నోడు కోసం వాటిల ఒక్క లైను మార్చలేదు.